వైఫై ఉన్నా నెట్ రాదు: ముందు తేదీ చూడండి

పరీక్ష ఫీజు కట్టడానికి ఆఖరి రోజు. కాలేజీ ఎదుటి జిరాక్స్ షాపులో అప్పటికే పదిమంది విద్యార్థులు పోగయ్యారు. రాత్రి షట్టర్ వేసేటప్పుడు మెయిన్ ఆపేసి వెళ్లిన యజమాని పొద్దున్నే వచ్చి కంప్యూటర్ ఆన్ చేస్తాడు. విండోస్ వస్తుంది. కింద మూల నెట్ గుర్తు నిక్షేపంగా ఉంటుంది. బ్రౌజర్ తెరిస్తే మాత్రం ఒక్క సైటూ రాదు. రౌటర్ ఆపి మళ్లీ వేస్తాడు, వైరు పీకి మళ్లీ పెడతాడు. కేబుల్ నెట్ కుర్రాడికి ఫోన్ చేస్తే, “లైన్‌లో ఏం ప్రాబ్లం లేదన్నా, సిగ్నల్ ఫుల్లుగా ఉంది” అంటాడు. అదే వైఫైకి కలిపిన యజమాని ఫోన్‌లో అన్నీ వస్తూనే ఉంటాయి. స్క్రీన్ మీద కుడివైపు కింద, గంటల కింద చిన్న అక్షరాల్లో ఉన్న తేదీని ఎవరూ చూడరు. అక్కడ 2015 జనవరి 1 అని ఉంటుంది.

ఈ సన్నివేశం కల్పించి రాసిందే. కంప్యూటర్లు బాగుచేసే వాళ్లకు మాత్రం ఇది బాగా తెలిసిన ఫిర్యాదు. ఇళ్లలో టీవీ దగ్గర, పాత ట్యాబ్ దగ్గర, బీరువాలోంచి తీసిన ఫోన్ దగ్గర ఇదే జరుగుతుంది. అందరూ చెప్పే మాట కూడా ఒక్కటే: నెట్ రావట్లేదు. నిజానికి నెట్ వస్తూనే ఉంటుంది. ఆ పరికరం తన దగ్గర ఉన్న తప్పు తేదీని నమ్మి, అవతలి సైట్లను నమ్మడం మానేస్తుంది.

ఇప్పుడు దాదాపు ప్రతి సైటూ https తో మొదలవుతుంది. అంటే బ్రౌజర్‌కీ సైటుకీ మధ్య మాటలు మొదలయ్యే ముందు, ఆ సైటు తన గుర్తింపు పత్రాన్ని చూపించాలి. దాన్నే సర్టిఫికెట్ అంటారు. అందులో సైటు పేరు, జారీ చేసిన సంస్థ పేరు, ఆ సంస్థ డిజిటల్ సంతకం ఉంటాయి. వాటితోపాటు రెండు తేదీలు ఉంటాయి: ఈ పత్రం ఎప్పటి నుంచి చెల్లుతుంది, ఎప్పటి వరకు చెల్లుతుంది. బ్రౌజర్ ఈ రెండు తేదీలనూ ఈరోజు తేదీతో పోల్చి చూస్తుంది. ఆ ఈరోజు ఏదో దానికి చెప్పేది ఆ పరికరంలోని గడియారమే. బస్ పాస్ సరిగ్గానే ఉన్నా కండక్టర్ చేతిలో పదేళ్ల కిందటి క్యాలెండర్ ఉంటే ప్రయాణికుణ్ణి దింపేయడం ఖాయం. తప్పు తేదీ ఉన్న కంప్యూటర్ ప్రతి సైటునూ అలాగే దింపేస్తుంది.

జిరాక్స్ షాపు కంప్యూటర్‌నే తీసుకుని లెక్క వేద్దాం. అసలు తేదీ 2025 నవంబర్ 20 అనుకుందాం. విద్యార్థులకు కావలసిన సైటు, లెట్స్ ఎన్‌క్రిప్ట్ అనే సంస్థ దగ్గర ఉచితంగా సర్టిఫికెట్ తీసుకుంది. ఆ సంస్థ సాధారణంగా ఇచ్చే గడువు 90 రోజులు. అది అక్టోబర్ 5న జారీ అయితే 2026 జనవరి 3 వరకు చెల్లుతుంది. కంప్యూటర్ మాత్రం తాను 2015 జనవరి 1లో ఉన్నానని అనుకుంటోంది. ఆ లెక్కన ఈ పత్రం పదేళ్ల తర్వాత పుట్టాల్సింది. ఇంకా వింత ఏమిటంటే, ఆ సంస్థ సంతకాలకు మూలమైన రూట్ సర్టిఫికెట్టే 2015 జూన్ 4న మొదలైంది. అంటే ఆ కంప్యూటర్ దృష్టిలో సైటు పత్రమే కాదు, దానికి పూచీ పడ్డ సంస్థ మూలపత్రం కూడా ఇంకా లేదు. తలుపు మూసేయడం తప్ప బ్రౌజర్‌కు వేరే దారి ఉండదు.

తేదీ అంత దారుణంగా తప్పకుండా కొంచెమే తప్పితే వ్యవహారం మరింత తికమకగా ఉంటుంది. అదే కంప్యూటర్ 20 రోజులే వెనకబడి, అక్టోబర్ 31 అని చూపిస్తోందనుకోండి. అక్టోబర్ 5న సర్టిఫికెట్ తీసుకున్న సైటు మామూలుగానే తెరుచుకుంటుంది. నవంబర్ 12న కొత్తది తీసుకున్న మరో సైటు తెరుచుకోదు. అంటే కొన్ని వస్తాయి, కొన్ని రావు. వారం తర్వాత రాని సైట్ల జాబితా మారిపోతుంది. అప్పుడు అనుమానం తేదీ మీదికి అసలే పోదు. ఆ సైటు పడిపోయిందనో, సర్వర్ బిజీ అనో, వైరస్ వచ్చిందనో అనుకుంటారు. తేదీ ముందుకు పోయినా ఇబ్బందే. సంవత్సరం ముందుకు జరిగితే దాదాపు అన్ని పత్రాలకూ గడువు దాటిపోయినట్టే కనిపిస్తుంది.

ఇదేదో అరుదుగా జరిగేది కాదు. క్రోమ్ బ్రౌజర్‌లో వాడుకరులకు ఎదురైన 30 కోట్లకు పైగా సర్టిఫికెట్ ఎర్రర్లను గూగుల్ పరిశోధకులు పరిశీలించి 2017లో ఒక పత్రం వెలువరించారు. తాము కారణం గుర్తించగలిగిన ఎర్రర్లలో సగానికి పైగా సైటు తప్పు వల్ల వచ్చినవి కావనీ, వాడుకరి పరికరం వల్లో, మధ్యలోని నెట్‌వర్క్ వల్లో వచ్చినవనీ అందులో తేలింది. ఆ పరికరం వైపు కారణాల్లో తప్పు గడియారం ముఖ్యమైనది.

ఇంతకీ గడియారం ఎందుకు తప్పుతుంది?

డెస్క్‌టాప్ మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్లలా గుండ్రంగా ఒక సెల్లు ఉంటుంది. దాని మీద సీఆర్2032 అని రాసి ఉంటుంది. మూడు వోల్టుల సెల్లు. కంప్యూటర్ ఆపేసినా సెకనుకు 32,768 సార్లు కంపించే ఒక చిన్న స్ఫటికం లోపల సమయం లెక్కపెడుతూ ఉంటుంది. కరెంటు లేనప్పుడు దాన్ని నడిపించేది ఈ సెల్లే. కంప్యూటర్ ఆపేసినా ప్లగ్గులో కరెంటు వస్తున్నంతసేపూ పవర్ సప్లై నుంచి ఆ గడియారానికి కాస్త విద్యుత్తు అందుతుంది, సెల్లు మీద భారం పడదు. అందుకే సెల్లు అయిపోయిన సంగతి చాలాకాలం బయటపడదు. రాత్రి మెయిన్ ఆపేసే షాపుల్లో, తరచూ కరెంటు పోయే ఊళ్లలో, వేసవి సెలవుల తర్వాత తెరిచిన స్కూలు ల్యాబుల్లో ముందుగా బయటపడుతుంది. కరెంటు రాగానే గడియారం మదర్‌బోర్డు తయారీదారు పెట్టిన తొలి తేదీకి వెళ్లిపోతుంది. కంప్యూటర్ మొదలయ్యేటప్పుడు సీమాస్ చెక్‌సమ్ ఎర్రర్ అనీ, ఎఫ్1 నొక్కమనీ నల్లటి తెర మీద వచ్చే మాట ఈ సెల్లు అయిపోయిందనడానికి మామూలు సూచన. రోజూ ఎఫ్1 నొక్కి ముందుకు పోవడం అలవాటైన షాపుల్లో ఆ సూచనను ఎవరూ పట్టించుకోరు.

ఇక్కడ మనుషుల చేతి తప్పు కూడా ఒకటి జరుగుతుంది. బయోస్ తెరలో తేదీని చాలా బోర్డులు అమెరికా పద్ధతిలో, నెల ముందు, రోజు తర్వాత చూపిస్తాయి. నవంబర్ 5వ తేదీని మనం అలవాటుగా 05/11 అని కొడితే అది మే 11 అవుతుంది. గంటలు, నిమిషాలు, సంవత్సరం అన్నీ సరిగ్గా ఉంటాయి. గడియారం మాత్రం ఆరు నెలలు వెనక ఉంటుంది. చాలామంది చూసేది గంటలూ నిమిషాలే కాబట్టి, టైమ్ సరిగ్గానే ఉందని గట్టిగా చెబుతారు. టైమ్ సరిచూసినప్పుడు నెలా సంవత్సరం కూడా చదవాలని రిపేరు చేసేవాళ్లు పట్టుబట్టేది అందుకే.

నెట్‌కు కలవగానే విండోస్ తన గడియారాన్ని తానే దిద్దుకుంటుంది కదా అని అడగవచ్చు. దిద్దుకుంటుంది, కానీ హద్దు ఉంది. ఏ ఆఫీసు నెట్‌వర్క్‌లోనూ భాగం కాని మామూలు ఇంటి కంప్యూటర్‌లో, టైమ్ సర్వర్ చెప్పిన సమయానికీ తన సమయానికీ తేడా 54,000 సెకన్లు, అంటే 15 గంటలు దాటితే, ఆ దిద్దుబాటును విండోస్ టైమ్ సర్వీస్ తనంతట తాను అంగీకరించదు. ఎవరో దొంగ సర్వర్ పెట్టి తప్పు తేదీ నూరిపోయకుండా ఆ హద్దు పెట్టారు. దాంతో నిమిషాల్లో తేడా వస్తే మనకు తెలియకుండానే సరిపోతుంది. పదేళ్ల తేడా వస్తే అలాగే నిలిచిపోతుంది. కాబట్టి ముందు తేదీని చేత్తో సరిచేసి, ఆ తర్వాతే సింక్ నొక్కాలి. ఈ వరస తప్పితే సింక్ విఫలమవుతుంది, దానికి కూడా నెట్‌నే తప్పుపడతారు.

ఫోన్ల కథ కొంచెం వేరు. సిమ్ ఉన్న ఫోన్‌కు మొబైల్ నెట్‌వర్క్ నుంచే తేదీ, సమయం అందుతాయి. సిమ్ లేని ట్యాబ్‌కూ ఆండ్రాయిడ్ టీవీకీ టీవీ బాక్సుకూ ఆ సౌకర్యం లేదు. అవి ఇంటర్నెట్‌లోని టైమ్ సర్వర్‌ను అడిగి తెలుసుకోవాలి. చాలా టీవీ బాక్సుల్లో కరెంటు పోయాక సమయం గుర్తుపెట్టుకునే సెల్లు ఉండదు. అలాంటి పరికరం కొన్నిసార్లు 1970 జనవరి 1, ఉదయం 5:30 అని చూపిస్తుంది. ఆ 5:30 ఊరికే రాలేదు. కంప్యూటర్లు కాలాన్ని సెకన్లలో లెక్కించడం మొదలుపెట్టే సున్నా క్షణం, అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1970 జనవరి 1 అర్ధరాత్రి. మన సమయం దానికి అయిదున్నర గంటలు ముందు. టీవీలో ఉదయం 5:30, 1970 అని కనిపిస్తే, ఆ పరికరానికి సమయం అసలు అందనే లేదని అర్థం.

ఇంటిల్లిపాదినీ తప్పుదారి పట్టించేది ఆండ్రాయిడ్ చేసే మరో పరీక్ష. ఫోన్ వైఫైకి కలవగానే, ఈ వైఫై వెనక నిజంగా నెట్ ఉందా అని చూడడానికి గూగుల్ సర్వర్లకు రెండు చిన్న అడుగులు వేస్తుంది. ఒకటి మామూలు http లో, మరొకటి సర్టిఫికెట్ చూసే https లో. రెండింటికీ సరైన జవాబు వస్తేనే నెట్ పూర్తిగా ఉందని ఒప్పుకుంటుంది. తేదీ తప్పుంటే మొదటిది నెగ్గుతుంది, రెండోది సర్టిఫికెట్ దగ్గర ఓడిపోతుంది. అప్పుడు వైఫై గుర్తు పక్కన ఆశ్చర్యార్థకం పడుతుంది. ఆండ్రాయిడ్ 10 నుంచి కనెక్షన్ పరిమితంగా ఉందన్న మాట వస్తుంది, అంతకుముందు వెర్షన్లలో ఇంటర్నెట్ లేదనే చెప్పేది. సిగ్నల్ గీతలు నిండుగా ఉండి, నెట్ లేదని ఫోనే చెబుతుంటే ఇంకెవరైనా రౌటర్‌నే అనుమానిస్తారు. వైఫై పాస్‌వర్డ్ మర్చిపొమ్మని చెప్పి మళ్లీ కొడతారు. రౌటర్‌ను రీసెట్ చేసి, బాగా ఉన్న సెట్టింగులు పోగొట్టుకుంటారు.

విండోస్ సరిగ్గా దీనికి తిరగబడ్డట్టు ప్రవర్తిస్తుంది. అది నెట్ ఉందో లేదో చూడడానికి వాడేది మామూలు http పేజీ. దానికి సర్టిఫికెట్‌తో పని లేదు కాబట్టి తేదీ ఎంత తప్పున్నా పరీక్ష నెగ్గుతుంది. గుర్తు బాగుంటుంది, సైట్లు రావు. ఒకే తప్పుకు ఫోన్ నెట్ లేదంటుంది, కంప్యూటర్ నెట్ ఉందంటుంది. రెండూ నిజాయితీగా పరీక్షించే చెబుతున్నాయి, పరీక్షించే పద్ధతి వేరు, అంతే.

యాప్‌ల సంగతి ఇంకా కష్టం. బ్రౌజర్ కనీసం ఎర్రర్ పేరైనా చూపిస్తుంది. ఆండ్రాయిడ్‌లో తేదీ తప్పినప్పుడు యాప్‌కు లోపల అందే సందేశంలో `Chain validation failed` అనో `CertificateNotYetValidException` అనో స్పష్టంగానే ఉంటుంది. యాప్ రాసినవాళ్లు సాధారణంగా కనెక్షన్‌లో ఏ లోపం వచ్చినా ఒకే గంపలో వేసి, మీ ఇంటర్నెట్ కనెక్షన్ చూసుకోండి అన్న ఒకే వాక్యం చూపిస్తారు. కారణం యాప్‌కు తెలిసి కూడా మనకు చేరదు. వాట్సాప్ ఈ విషయంలో మెచ్చుకోదగ్గ పని చేసింది. ఫోన్ తేదీ సరిగా లేదు, గడియారం సరిచేసి మళ్లీ ప్రయత్నించండి అని నేరుగా చెబుతుంది. ఆ ఒక్క వాక్యం ఎంతమంది సమయాన్ని కాపాడిందో చెప్పలేం. బ్యాంకు యాప్‌లూ టీవీ యాప్‌లూ అదే పని చేయడానికి సాంకేతికంగా ఏ అడ్డూ లేదు.

నిజంగా నెట్ పోయిందా, తేదీ తప్పిందా అన్నది రెండు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. మొదట తేదీని సంవత్సరంతో సహా చదవాలి. అది సరిగ్గా ఉందో లేదో అనుమానంగా ఉంటే ఎర్రర్ పేజీలో సన్నగా ఉండే పెద్దక్షరాల పేరు చూడాలి. క్రోమ్‌లో `NET::ERR_CERT_DATE_INVALID` అని ఉంటే అవతలి సర్వర్ వరకు మీ మాట చేరింది, అక్కడి నుంచి సర్టిఫికెట్ కూడా వచ్చింది. అంటే నెట్ ఉన్నట్టే. గడియారమే కారణమని క్రోమ్‌కు రూఢి అయితే మీ గడియారం వెనక ఉందనో ముందు ఉందనో పెద్ద అక్షరాల్లోనే చెప్పి, తేదీ సరిచేసే బటన్ ఇస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో `SEC_ERROR_EXPIRED_CERTIFICATE` లేదా `MOZILLA_PKIX_ERROR_NOT_YET_VALID_CERTIFICATE` అని కనిపిస్తుంది. అదే `ERR_INTERNET_DISCONNECTED` అనో `DNS_PROBE_FINISHED_NO_INTERNET` అనో ఉంటే అప్పుడు రౌటర్ దగ్గరికి వెళ్లాలి.

ఇంకో దారి కూడా ఉంది. సర్టిఫికెట్ లేని మామూలు సైటు ఒకటి తెరిచి చూడడం. ఇందుకోసమే `http://neverssl.com` అనే సైటును నడుపుతున్నారు. అది తెరుచుకుని మిగతావి తెరుచుకోకపోతే లైను బాగున్నట్టే. కంప్యూటర్ గడియారం ఎంత తప్పిందో కచ్చితంగా తెలియాలంటే విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఈ వరుస కొట్టాలి:

```
w32tm /stripchart /computer:time.windows.com /samples:3 /dataonly
```

ఇది గడియారాన్ని మార్చదు, తేడాను సెకన్లలో చూపిస్తుంది, అంతే. ఒకటి రెండు సెకన్లు వస్తే భయం లేదు. 20 రోజులు వెనకబడ్డ కంప్యూటర్‌లో సుమారు 17,28,000 సెకన్లు కనిపిస్తాయి.

తేదీ తప్పిన కంప్యూటర్ ఏ సైటునూ నమ్మనప్పుడు, ఈ టైమ్ సర్వర్‌ను మాత్రం ఎలా నమ్ముతోంది? సమయం పంచే ఎన్‌టీపీ అనే పాత ఒప్పందానికి సర్టిఫికెట్లు అక్కర్లేదు. అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ మిల్స్ 1985లో దీన్ని ప్రచురించారు, అప్పటికి ఇప్పటి వెబ్ పుట్టనే లేదు. సరైన తేదీ కావాలంటే సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్ చూడాలంటే సరైన తేదీ కావాలి అనే చిక్కుముడిలో పడకుండా మామూలు పరికరాలను ఈనాటికీ కాపాడుతున్నది అదే. క్రోమ్ కూడా తన అనుమానం తీర్చుకోవడానికి గూగుల్ సర్వర్ నుంచి సమయాన్ని మామూలు http లోనే తెచ్చుకుంటుంది. ఆ జవాబుకు విడిగా డిజిటల్ సంతకం ఉంటుంది కాబట్టి మధ్యలో ఎవరూ మార్చలేరు. అయితే కొన్ని కాలేజీలూ హాస్టళ్లూ ఆఫీసులూ తమ నెట్‌వర్క్‌లో ఎన్‌టీపీ వాడే 123 నంబరు పోర్టును మూసేస్తాయి. అక్కడ సిమ్ లేని పరికరం తేదీ తప్పితే తనంతట తాను ఎప్పటికీ కోలుకోదు. ఫోన్ హాట్‌స్పాట్‌కు కాసేపు కలిపితే సరిపోతుంది.

మన దేశంలో అధికారిక సమయాన్ని ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల నిర్వహిస్తుంది. దానికి `time.nplindia.org` అనే టైమ్ సర్వర్ ఉంది. ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐసీకి `samay1.nic.in`, `samay2.nic.in` ఉన్నాయి. సంస్థలన్నీ తమ కంప్యూటర్ల గడియారాలను వీటితోనో, వీటితో ముడిపడ్డ సర్వర్లతోనో కలపాలని సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. ఇంట్లో వాళ్లకు ఈ నియమంతో పని లేదు, విండోస్‌తో వచ్చే టైమ్ సర్వరే చాలు.

బాగుచేయడానికి పట్టే సమయం చాలా తక్కువ. ఫోన్‌లో అయితే సెట్టింగ్స్‌లో తేదీ, సమయం దగ్గరికి వెళ్లి ఆటోమేటిక్ అన్న మీట ఆన్ చేయాలి. ఆటల్లో లైఫ్‌లు తొందరగా రావడానికి పిల్లలు ఆ మీట ఆపి తేదీ ముందుకు జరపడం మామూలే, ఆ తర్వాత దాన్ని అలాగే వదిలేస్తారు. కంప్యూటర్‌లో తేదీ, నెల, సంవత్సరం చేత్తో సరిచేసి, తర్వాత సింక్ చేసి, బ్రౌజర్‌ను పూర్తిగా మూసి మళ్లీ తెరవాలి. మర్నాడు పొద్దున మళ్లీ పాత తేదీయే వస్తే సెల్లు మార్చాల్సిందే. ప్లగ్గు పీకి, మూత విప్పి, పాత సెల్లు ఏ ముఖం పైకి ఉందో చూసుకుని కొత్తది అలాగే పెట్టాలి. సెల్లు మార్చాక బయోస్‌లో తేదీ ఒకసారి పెట్టి సేవ్ చేయాలి. ల్యాప్‌టాప్‌లో ఈ సెల్లు చాలావాటికి లోపల తీగతో కలిపి ఉంటుంది, కొన్నింటికి విడిగా ఉండనే ఉండదు. దాన్ని తెలిసినవాళ్లకే ఇవ్వడం మంచిది.

తేదీ సరిగ్గా ఉండి కూడా తప్పయ్యే పరిస్థితి ఒకటుంది. అమెరికాలో పిల్లలున్న తెలుగు ఇళ్లలో ఇది తరచూ కనిపిస్తుంది. డాలస్ నుంచి అబ్బాయి తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి అమ్మానాన్నలకు ఇస్తాడు. వేసవిలో హైదరాబాద్‌లో ఉదయం తొమ్మిదైతే ఆ ల్యాప్‌టాప్ ముందురోజు రాత్రి పదిన్నర చూపిస్తుంది. నాన్న టైమ్ జోన్ మార్చకుండా తేదీనీ గంటలనూ మాత్రమే మార్చి తొమ్మిది చేస్తారు. తెరమీద సమయం ఇప్పుడు అచ్చంగా సరిగ్గా ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం ఆ తొమ్మిది డాలస్‌లో తొమ్మిది అనుకుంటుంది. లోపలి అంతర్జాతీయ సమయం పదిన్నర గంటలు ముందుకు పోయింది. సర్టిఫికెట్లు పోల్చేది ఆ లోపలి సమయంతోనే. పదిన్నర గంటల తేడాకు చాలా సైట్లు తెరుచుకుంటాయి, ఆ పూటే గడువు తీరబోయేవి మొరాయిస్తాయి. తిరగేసి చూస్తే, ఇక్కడి ల్యాప్‌టాప్ అక్కడికి తీసుకెళ్లి జోన్ మార్చకుండా గంటలు వెనక్కి తిప్పితే, అప్పుడే కొత్త సర్టిఫికెట్ పెట్టుకున్న సైట్లు రావు. చిన్న తేడాలు ఉంటాయని తెలిసే లెట్స్ ఎన్‌క్రిప్ట్ తన పత్రాల్లో ప్రారంభ సమయాన్ని గంట వెనక్కి వేసి ఇస్తుంది. పదిన్నర గంటలకు ఆ గంట సరిపోదు. ఫోన్‌లో ఇదే పొరపాటు జరిగితే, ముప్పై సెకన్లకోసారి మారే ఆథెంటికేటర్ కోడ్‌లు కూడా పనిచేయవు. ముందు జోన్, తర్వాతే గంటలు మార్చాలి.

విసుగుతో హెచ్చరికను దాటేసి లోపలికి వెళ్లడం మాత్రం ప్రమాదం. గడువు తేదీ లాంఛనం కాదు. ఒక సైటు రహస్య తాళం ఎప్పుడో దొంగల చేతికి చిక్కితే, దానితో ముడిపడ్డ సర్టిఫికెట్ ఎంతకాలం పనికొస్తుందన్నది ఆ తేదీయే నిర్ణయిస్తుంది. గడియారం వెనక్కి ఉన్న కంప్యూటర్‌కు అప్పుడెప్పుడో గడువు తీరిన దొంగ పత్రం ఇంకా చెల్లుబాటులో ఉన్నట్టే కనిపించవచ్చు. పైగా హెచ్చరికను రోజూ దాటడం అలవాటైన మనిషి, బస్టాండ్ వైఫైలో ఎవరో నిజంగానే మధ్యలో దూరి నకిలీ బ్యాంకు పేజీ చూపించినప్పుడు కూడా అదే వేలితో అదే బటన్ నొక్కుతాడు.

తేదీ, జోన్ రెండూ సరిగ్గా ఉండి ఒక్క సైటు మాత్రమే రాకపోతే, ఆ సైటు వాళ్లే సర్టిఫికెట్ పొడిగించుకోవడం మర్చిపోయి ఉంటారు. మరో ఫోన్‌లో చూస్తే అక్కడా రాదు, అప్పుడు వాళ్లు సరిచేసేదాకా ఆగడమే. పాత ఆండ్రాయిడ్ ఫోన్ల బాధ వేరే. 7.1.1 కంటే ముందు వెర్షన్లలో లెట్స్ ఎన్‌క్రిప్ట్ రూట్ సర్టిఫికెట్ అసలు లేదు. మరో సంస్థ పాత సంతకం అండతో అవి కొంతకాలం నెట్టుకొచ్చాయి. ఆ అండ 2024 సెప్టెంబర్ 30తో తీరిపోయింది. అలాంటి ఫోన్‌లో తేదీని ఎన్నిసార్లు దిద్దినా లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైట్లు తెరుచుకోకపోవడం దాని వయసు వల్లే.

రానున్న కాలంలో తప్పు గడియారానికి దొరికే వెసులుబాటు ఇంకా తగ్గుతుంది. సర్టిఫికెట్ల గరిష్ఠ గడువును 2020 సెప్టెంబర్‌లో 398 రోజులకు తగ్గించారు. బ్రౌజర్ తయారీదారులూ సర్టిఫికెట్ సంస్థలూ కలిసి 2025 ఏప్రిల్‌లో చేసిన నిర్ణయం ప్రకారం అది 2026 మార్చి 15 నుంచి 200 రోజులకు, 2027 మార్చి 15 నుంచి 100 రోజులకు, 2029 మార్చి 15 నుంచి 47 రోజులకు దిగుతుంది. అప్పుడు రెండు నెలలు తప్పిన పరికరంలో దాదాపు ఏ సైటూ తెరుచుకోదు. ఈలోగా యాప్‌లు తయారుచేసే వాళ్లు, ముఖ్యంగా తెలుగు రాష్ట్రాల్లో ప్రభుత్వ సేవలకూ బ్యాంకులకూ యాప్‌లు రాసేవాళ్లు, తేదీ వల్ల వచ్చిన సర్టిఫికెట్ ఎర్రర్‌ను మిగతా వాటి నుంచి విడదీసి, మీ ఫోన్‌లో తేదీ తప్పుగా ఉంది, సరిచేయండి అని తెలుగులో చూపించాలి.